ఒకే మట్టంగా తెగిన మీసాలు

స్వప్న కత్తెర పడితే చేతులు వణుకుతాయి. ఎలుకను చూస్తే కళ్లలో నీళ్లు. అలాంటిది చంద్రపూర్‌లో జువాలజీ పీహెచ్‌డీకి ఎందుకు వచ్చిందని అడిగితే, "సీటు దొరికిందక్కా, వచ్చిన" అంటుంది. అందుకని మా ల్యాబ్‌లో ఎలుకల మీసాలు కత్తిరించే పని నా నెత్తిన పడింది. నేను వైశాలిని. రాజురా బజారులో విత్తనాల దుకాణం మాది. చిన్నప్పటి నుంచి ఎలుకలతో పోట్లాడుతూ పెరిగినదాన్ని, నాకేం భయం?

నిజానికి కత్తిరిస్తే ఎలుకకు నొప్పి ఉండదు. మీసం మన జుట్టులాంటిదే, దానికి ప్రాణం లేదు. ప్రాణమంతా దాని మొదట్లో, మూతి చర్మం కింద ఉంటుంది. నరాలన్నీ అక్కడే. మీసం కొస గోడకు తగిలి వంగితే, ఆ వంపు మొదటిదాకా పోతుంది, ఎలుకకు గోడ ఎక్కడుందో తెలిసిపోతుంది. చీకట్లో అది మీసాలను ముందుకూ వెనక్కూ గబగబా ఆడిస్తూనే ఉంటుంది.

మా పరీక్ష కూడా అదే. చీకటి గదిలో రెండు బల్లలు, మధ్యన ఖాళీ. మూతి చాపినా అందనంత, మీసం కొస మాత్రం అవతలి అంచుకు తాకేంత. మీసాలున్నవి వంగి, తడిమి చూసుకుని, దూకాలి. నేను కత్తిరించినవి అంచు దగ్గరే ఆగిపోవాలి. ఎలుకలకు కనపడని వెలుతురులో కెమెరా అంతా చూపిస్తుంది.

కానీ స్వప్న దగ్గరున్న మీసాల ఎలుకలు దూకలేదు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి బాగా బలిసిన మగది, దానికి మేం దొర అని పేరు పెట్టుకున్నాం. దొర దర్జాగా దూకేవాడు. మిగతావి అంచు మీద కూర్చుని గాలిని వాసన చూసి వెనక్కి తిరిగేవి.

మా పరిశోధనను పరీక్షించడానికి కమిటీ వచ్చే ముందు రోజు పొద్దున ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. వామ్మో! మీసాలేవీ? ఒకవైపు మొండి ముక్కలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఇంకోటి మొదట్లోకి. బోనులో ఉన్న అన్నింటిదీ అదే గతి. దొర మీసాలు మాత్రం నిండుగా ఉన్నాయి. ఒకే బోనులో ఇరికించి పెడితే పెత్తనం చేసే ఎలుక తోటివాటి మీసాలు కొరికి తినేస్తుంది. అవి కూడా తల వంచుకుని కొరికించుకుంటాయి. పుస్తకాల్లో చదివిందే, కళ్లెదుట కనపడేసరికి నా ఒళ్లు మండింది.

బోన్లు సరిపోవు, వేరువేరుగా పెడదామని స్వప్న ముందే అడిగింది. "ఎలుకలకు బంగళాలు కట్టియ్యాల్నా?" అని వెక్కిరించింది మా గైడ్ మధుకర్ సారే. పైగా మీసాలున్న ఎలుకలన్నీ దూకినట్టు ఆయన కమిటీకి రిపోర్టు కూడా పంపేశాడు.

సాయంత్రం ఇద్దరం పోయి సార్‌కు చెప్పాం. వేరు చేసి పెడితే కొన్ని వారాల్లో మీసాలు మళ్లీ వస్తాయి, అప్పుడు పరీక్ష మళ్లీ చేద్దామన్నాను.

సార్ నా వైపు చూడనేలేదు. "స్వప్నా, మీ నాయనకు లాల్‌పేట్ బొగ్గు గనిల నౌకరి ఎప్పుడు పోయింది? ఇల్లు ఎట్ల నడుస్తుంది?" అన్నాడు. అది నేల చూపులు చూసింది. "రేపు కమిటీ తప్పు ఎవరిదని అడుగుతది. ఎవరిదో ఒకరి సీటు పోతది. మంచిగ ఆలోచన జేస్కోండ్రి" అన్నాడు.

బయటికి రాగానే నేను మండిపడ్డాను. "ఏందే, గాయనకు భయపడతవా? నిజం చెప్పు. నేను పక్కన నిలబడుత. కొరికిన మీసాలు హెచ్చుతగ్గులుంటయి, కత్తెరతోని కోసినయి ఒక్క తీరుగ ఉంటయి. ఎలుకలే సాక్ష్యం చెప్తయి."

"సరే అక్కా" అంది. "నువ్వు పో, నేను మేత పెట్టి వస్త."

మర్నాడు కమిటీ వచ్చింది. నాగ్‌పూర్ నుంచి వచ్చిన మేడం దానికి పెద్ద. మధుకర్ సార్ మాటలు మొదలుపెడితే ఆపతరమా! సముద్రంలో సీల్ అనే జంతువుకు కళ్లకు గంతలు కట్టి, చెవులు మూసినా, చేప ఈదిపోయిన దారిలో మిగిలిన నీటి సుడులను మీసాలతో పట్టుకుని వెంటపడుతుందన్నాడు. దాని మీసం అలలు అలలుగా ఉంటుంది, అందుకే తన ఈతకు తానే అదరదు, చేప కదిలించిన నీటికి మాత్రం అదురుతుందన్నాడు. పిల్లికి మూతి దగ్గరున్నది సరిగ్గా కనపడదు, నోట కరిచిన ఎలుక ఎటు తిరుగుతుందో మీసాలు ముందుకు వంచి తెలుసుకుంటుందన్నాడు. అన్నీ నిజాలే. మనిషి మాత్రం ఒట్టి అబద్ధం.

తర్వాత చీకటి గదిలో స్వప్న ఎలుకల్లో ఒకదాన్ని బల్ల మీద పెట్టారు. తెర మీద చూశాం. అది అంచుకు వచ్చి మెడ చాపింది. తడమడానికి ఏమీ లేని మూతి ఊరికే అదురుతూ ఉంది. ఇంకొంచెం వంగి, కాలు జారి, కింది మెత్త మీద పడింది. మేడం మొహం చిట్లించి మీసాలేమయ్యాయని మరాఠీలో అడిగింది.

నేను ముందుకు వచ్చాను. ఒకే బోనులో పెట్టడం వల్ల తోటి ఎలుక కొరికిందని, హెచ్చుతగ్గులు చూస్తే మీకే తెలుస్తుందని గట్టిగా చెప్పి, ఎలుకను తీసి దీపం కింద పట్టాను.

మీసాలన్నీ ఒకే మట్టంగా ఉన్నాయి. రెండు వైపులా, కత్తెర ఆడినట్టు తేటగా. ఇంకోదాన్ని తీశాను. అదీ అంతే. నిన్న సాయంత్రం మేత పెడతానని ఆగింది ఎవరో అప్పుడు గుర్తుకొచ్చింది.

"మీసాలు ఎవరు కోస్తరు ల్యాబ్‌ల?" సార్ నెమ్మదిగా అడిగాడు.

"వైశాలక్క సార్" అంది స్వప్న. గొంతు వణకలేదు. "వేరే బోనులయి కోయబోయి గివి కోసిందేమో."

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఒక ఏడాది పరిశోధన పాడుచేశావని నాతో అంది. నేను చెప్పబోతే చేత్తో ఆపింది. బయట కూర్చో, నిర్ణయం పిలిచి చెబుతాం అంది.

వరండాలోకి స్వప్న వెనకే వచ్చింది. నేను దాని రెక్క పట్టుకున్నాను. "నీ చేతులు వణకలేదానె?"

"వణికినయి అక్కా. ఒక్కొక్కటి పట్టుకొని ఏడ్చుకుంటనే కోసిన." అది ఇప్పుడూ ఏడుస్తూనే ఉంది. "సార్ ఫోన్ జేసి, ఇద్దర్ల ఒక్కరే ఉంటరన్నడు. నీకు దుకాణం ఉన్నది. నాకేమున్నది చెప్పు?"

"నా నోట్లె మట్టి కొట్టినవు కదనే!"

"నువ్వు బతుకుతవక్కా. నీకు నోరున్నది" అంది.

ఆ మాటకు నా ఒళ్లు నాకు తెలియలేదు. దవడ మీద ఒక్కటిచ్చాను. వరండా అంతా మోగింది. అది తప్పుకోలేదు, చెంప కూడా పట్టుకోలేదు, దెబ్బ కోసమే వచ్చినట్టు నిలబడింది.

తలుపు అప్పటికే తెరిచి ఉంది. గుమ్మంలో మధుకర్ సార్, ఆయన భుజం వెనక మేడం.

"చూసిండ్రా మేడం" అన్నాడు సార్, ఎంతో బాధపడుతున్నట్టు. "గీ పిల్లతోని నేను రోజూ ఎట్ల ఏగుతున్ననో."