ఒకటి నుంచి ఒకటిన్నర దాకా

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఫోన్ దగ్గర కూర్చునేది నేనొక్కదాన్నే. లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నా ముందు వినపడేది నా గొంతే. "భయపడకండి, తలుపు లాగకండి, మెకానిక్ బయల్దేరాడు" అని నోట్లో ముద్ద పెట్టుకుని కూడా చెబుతాను. అందరూ భోజనానికి కిందికి దిగే వేళకే ఆ లిఫ్టులు మొరాయిస్తాయి మరి!

తొమ్మిదికి వస్తాను, ఐదున్నరకు వెళ్తాను. మధ్యలో ఒకటి నుంచి ఒకటిన్నర దాకా భోజన విరామమంటూ హాజరు మెషిన్ దానంతటదే అరగంట కోసేస్తుంది. ఆ అరగంటలో నేను కుర్చీ దిగిన రోజు ఒక్కటీ లేదు. అది పనివేళ కింద లెక్కేస్తే ఐదింటికే నా ఎనిమిది గంటలు పూర్తవుతాయి. నా నాలుగేళ్ల కూతురుండే క్రెష్ ఐదున్నరకు మూసేస్తారు. నేను పరిగెత్తుకుంటూ చేరేసరికి ఆరు కావస్తుంది. "ఈ నెలాఖరు దాకా చూస్తానమ్మా, తర్వాత ఇంకోచోటు వెతుక్కో" అని క్రెష్ ఆంటీ తేల్చి చెప్పేసింది.

ఆ అరగంట పనివేళలో కలపమని మేనేజర్‌ని అడిగితే మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించాడు. ప్రశ్న: సీటు దగ్గర భోజనం చేస్తే అది పనివేళా? జవాబు: కాదు, భోజనం సొంత పని.

"ఫోన్ల సంగతేది సార్?" అన్నాను.

"ప్రశ్నలో ఫోన్ లేదుగా అమ్మా."

"ప్రశ్న రాసింది కూడా మీరేగా సార్!"

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు సెలవు పెట్టి, నెల రోజుల కాల్ రిజిస్టరు కాపీ పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ రెండు కౌంటర్లు తిప్పాక ఒక ఆఫీసరమ్మ దగ్గర తేలాను.

"ఎక్కడ తిన్నావన్నది కాదమ్మా. ఆ అరగంట ఫోన్ వదిలేసి బయటికెళ్లొచ్చా?" అందావిడ.

"వెళ్తే ఇరుక్కున్నవాళ్ల గతేంటండీ?"

"అయితే అది విరామం కాదు, పనే."

"అరగంటలో వచ్చేవి నాలుగైదు ఫోన్లే, మిగతా టైమంతా తింటూనే ఉంటావుగా అంటున్నారండీ మా మేనేజరు."

"ఎప్పుడు మోగుతుందా అని కాపలా కూర్చోవడం కూడా పనేనమ్మా. నువ్వడిగినట్టే కాగితం మీద రాసిస్తాను. కానీ ఒక్కటి. వాళ్లు ఇంకొకరిని కూర్చోబెట్టి నిన్ను నిజంగా వదిలేస్తే, ఆ అరగంట నీది. అప్పుడు ఐదున్నర దాకా ఉండాల్సిందే. అలా వదలడం కుదరని పనైతే, నువ్వూ మీ మేనేజరూ ఒప్పుకుని కాగితం రాసుకోవాలి, ఆ అరగంటను పనిలో కలపాలి."

ఆఫీసరమ్మ రాసిచ్చిన కాగితం చూసి మేనేజర్ మొహం వెలిగిపోయింది. "ఇంతేనా! ఆ అరగంట ఫోన్ నేను చూసుకుంటా. నువ్వు హాయిగా బయట తినమ్మా" అన్నాడు. న్యాయం అడగబోతే నాకు దక్కింది మెట్ల మీద భోజనం. వేడివేడిగా తిన్నాను, ఒక్క ముద్దా సహించలేదు. నెలాఖరు ఇంక ఐదు రోజులే.

మొదటిరోజు ఆయన మూడు ఫోన్లు ఎత్తాడు. రెండోరోజు మెకానిక్‌ని వేరే వీధికి పంపాడు, ఆయనా మెకానిక్కూ ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకున్నారు. మూడోరోజు నేను లోపలికి వచ్చేసరికి ఆయన డబ్బా మూత తీసినట్టే ఉంది, ముద్ద కలపలేదు. లిఫ్టులో ఇరుక్కున్న పెద్దావిడతో పాతిక నిమిషాలుగా మాట్లాడుతూనే ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"ఫోన్ పెట్టేస్తానంటే ఏడుస్తోందమ్మా" అన్నాడు, రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి.

"మీ విరామం ఎలా ఉంది సార్?" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

ఆయన మళ్లీ రిసీవర్ చెవికి ఆనించుకున్నాడు. పెద్దావిడ బయటపడ్డాక, చల్లారిన అన్నం నాలుగు ముద్దలు తిని కాగితం తెమ్మన్నాడు. ఒకటి నుంచి ఒకటిన్నర దాకా ఫోన్ దగ్గరే భోజనం, అది పనివేళే అని రాసి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. మెషిన్‌లో కోత తీసేయించాడు. బోర్డు మీది కాగితం మాత్రం నేనే చింపాను.

ఆ రోజు ఐదింటికి బయటపడి ఐదూ ఇరవైకి క్రెష్ చేరాను. లోపల పిల్లల గోల. నా కూతురు గుమ్మం వైపు వీపు పెట్టుకుని దిమ్మలు పేర్చుకుంటోంది. మిగతా పిల్లలంతా తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తున్నారు, ఇది చూడదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

అది ఉలిక్కిపడి నన్ను చూసి, చుట్టూ చూసింది.

"ఇంకా అందరూ ఇక్కడే ఉన్నారుగా అమ్మా, అప్పుడే ఎందుకొచ్చావ్?" అంది.