ఏది ముందొస్తే అది

లెక్కల మాస్టారు రెండు కార్ల అయిదేళ్ల ఖర్చు పట్టిక పట్టుకుని, భార్యతో సహా బావమరిది మెకానిక్ షెడ్డుకి గెలిచినవాడిలా వచ్చాడు. ఆయన మనసు పెద్ద కారు మీద, ఆవిడ మనసు చిన్న కారు మీద. ధర, పెట్రోలు, బీమా అన్నీ కూడితే రెండూ ఇంచుమించు సమానంగా తేలాయి. తేడా అంతా ఇంజిన్ ఆయిల్ దగ్గరే.

"ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరుగుతాం. అయిదేళ్లకి ముప్పై వేలు. చిన్నదానికి పది వేలకోసారి ఆయిల్ మార్చాలి, అంటే మూడుసార్లు. పెద్దదానికి పదిహేను వేలకోసారి, అంటే రెండుసార్లే!" అన్నాడు, భార్యవైపు ఓరగా చూస్తూ.

బావమరిది చేతులు తుడుచుకుని, మాస్టారు తెచ్చిన సర్వీసు పుస్తకాలు రెండూ తిరగేశాడు.

"బావా, రెంట్లోనూ కింద ఇంకో ముక్క ఉంది. 'లేదా ఏడాది, ఏది ముందొస్తే అది.' మీరు తిరిగే తిరుగుడుకి ఏడాదే ముందొస్తుంది. రెంటికీ అయిదేసిసార్లు మార్చాల్సిందే. ఆయిల్ ఒకే రకం, కానీ పెద్దదానికి ప్రతిసారీ అయిదు లీటర్లు, చిన్నదానికి మూడున్నరే. బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఖర్చు రెంటికీ సమానం."

మాస్టారు పుస్తకం లాక్కుని ఆ ముక్క తనే చదువుకున్నాడు.

"ప్రశ్న పూర్తిగా చదవందే లెక్క మొదలెట్టొద్దని పిల్లల చెవులు మెలేసేదెవరో!" అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

ముందు ఆయనకి ఒళ్లు మండింది. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఒకప్పుడు తన క్లాసులోనే లెక్కల్లో రెండుసార్లు తప్పిన బావమరిది చేతిలో పెట్టాడు.

"ఈ లెక్క కొట్టెయ్యరా. మార్కులు మాత్రం మీ అక్కకి చూపించకు."