పల్టీ కొట్టని ముడి

మా అత్తయ్య చెయ్యి విరగలేదని డాక్టరు చెప్పగానే మా ఆయనా నేనూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం. స్నానాల గది గడప దగ్గర కాలు జారి ఎడమ చేతి మీద పడిందావిడ. మణికట్టు బెణికిందంతే, మూడు వారాలు కట్టు విప్పొద్దు, ఆ చేత్తో చెంచా కూడా పట్టుకోవద్దు అన్నాడు డాక్టరు. మా ఆయన నవ్వుకుంటూ మందులు తేవడానికి పరిగెత్తాడు. అత్తయ్య మొహంలో మాత్రం నవ్వు లేదు.

"ఎల్లుండి పన్నెండింటికి కాలర్ ఇవ్వాలి" అంది కట్టు వైపు చూస్తూ.

ఆ కాలర్ సంగతి చెప్పాలి. మా అత్తయ్య ఇరవై రెండేళ్లుగా నాటకశాలకి లేసు అల్లి ఇస్తోంది. ఈసారి ఒక గౌను మెడకి కాలర్. ఆ అల్లికని టాటింగ్ అంటారు. మగ్గం ఉండదు, పొడవాటి సూదులుండవు. వేలెడంత పడవలాంటి షటిల్, దాని కడుపులో చుట్టిన నూలు దారం, పది వేళ్లు, అంతే. చూడ్డానికి ఊరికే వేళ్లు ఆడిస్తున్నట్టుంటుంది. సాయంత్రానికి జానెడు లేసు ఒళ్లో పడి ఉంటుంది. నేను టైలర్ని. ఇద్దరి బతుకూ దారంతోనే అయినా నా పెళ్లయిన ఈ పధ్నాలుగేళ్లలో ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టలేదు. ఇంట్లో శాంతి అలాగే నిలబడింది.

ఇంటికి రాగానే ఫోన్ మోగింది. నాటకశాలలో దుస్తుల గది చూసుకునే మాస్టారు. ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడతాడు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు గుండుసూదుల మాస్టారు. విషయం విని అయ్యో అన్నాడు. వెంటనే, "మీరేం కంగారు పడకండమ్మా, బజార్లో మెషీన్ లేసు కొనేస్తాను. అది బాగుంటే ఇక ముందు కూడా అదే వాడదాం. మీకూ ఈ వయసులో శ్రమ తప్పుతుంది" అన్నాడు.

ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడు. అత్తయ్య "సరే బాబూ" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇరవై రెండేళ్ల పని ఒక్క ఫోన్‌తో పోయేలా ఉంది.

"ఇంకా ఎంత మిగిలింది?" అన్నాను.

"పదకొండు ఉంగరాలు." లేసులో ఒక్కొక్క చిన్న చుట్టునీ ఆవిడ ఉంగరం అంటుంది.

"నేను చేస్తాను."

నా నోరు ఎప్పుడూ నాకంటే రెండడుగులు ముందుంటుంది. అత్తయ్య ఇటు తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా?" అంది. ఆ ఒక్క మాటతో నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

మర్నాడు షాపుకి సెలవు పెట్టి, కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చున్నాను. సాధన కోసం అత్తయ్య వేరే షటిల్ ఇచ్చింది. దారాన్ని ఎడమ చేతి వేళ్ల చుట్టూ వలయంలా చుట్టి, మొదలు దగ్గర బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కి పట్టుకోవాలి. వేళ్ల మధ్య బిగువుగా ఉన్న దారం కింద నుంచి షటిల్ పంపి, మీద నుంచి వెనక్కి తేవాలి. అది సగం ముడి. తర్వాత మీద నుంచి పంపి, కింద నుంచి వెనక్కి తేవాలి. అది రెండో సగం. రెండూ కలిస్తే ఒక జంట ముడి. ఇంతేనా అనుకున్నాను.

గంటలో నలభై ముడులు వేశాను. అత్తయ్య చూసి, "షటిల్ దారం లాగు, ఉంగరం మూసుకోవాలి" అంది. లాగాను. అది కదల్లేదు. ఇంకా గట్టిగా లాగితే దారం పుటుక్కున తెగింది.

"నువ్వేసినవన్నీ ముడులే" అంది అత్తయ్య.

"మరి ముడులే కదా వెయ్యమన్నారు!"

"షటిల్ దారం పోయి చేతి దారాన్ని చుట్టుకుంది. అలా ఉండకూడదు. ముడి పల్టీ కొట్టాలి. చేతి దారమే వచ్చి షటిల్ దారాన్ని చుట్టుకోవాలి. షటిల్ దారం మధ్యలో నిటారుగా ఉండిపోతే దాని మీద ముడులన్నీ జారతాయి, ఉంగరం మూసుకుంటుంది."

వినడానికి బాగానే ఉంది. చెయ్యబోతే రాదు. ఆవిడ చెబుతూనే ఉంది, నేను బిగిస్తూనే ఉన్నాను. టైలర్ చెయ్యి కదా, ఎడమ చేత్తో బిగించి పట్టుకోకపోతే గుండీ ఊడుతుందని పదహారో ఏట నుంచీ నేర్చుకున్న చెయ్యి. మధ్యాహ్నానికి బల్ల మీద తెగిన దారపు ముక్కల కుప్ప తయారైంది. షటిల్ తీసి కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. విసిరేసేదాన్నే, కింద ఎవరో నడుస్తున్నారు.

అత్తయ్య ఏమనుకుందో, కుర్చీ నా పక్కకి లాక్కుంది. "వలయం నీ ఎడమ చేత్తో పట్టుకో. షటిల్ నాకివ్వు" అంది. ఆవిడ కుడి చెయ్యి బాగానే ఉంది కదా. నా ఎడమ చెయ్యి, ఆవిడ కుడి చెయ్యి. భుజం భుజం ఆనించి కూర్చున్నాం. ఆవిడ షటిల్ కింద నుంచి పంపి మీద నుంచి తెచ్చింది. "ఇప్పుడు నువ్వేం చెయ్యకు. నేను లాగుతున్నప్పుడు వేళ్లు వదులు చెయ్యి."

"వదిలేస్తే ఊడిపోదూ?"

"ఊడిపోదు. వదులు."

వదిలాను. ఆవిడ షటిల్ దారం నిటారుగా లాగింది. నా వేళ్ల మీద ఉన్న దారం ఒక్క గెంతు గెంతి అవతలి దారాన్ని చుట్టేసుకుంది. నా కళ్లారా చూశాను. "ఇప్పుడు మధ్యవేలు ఎత్తు" అంది. ఎత్తితే ఆ సగం ముడి జారుకుంటూ వచ్చి నా బొటనవేలి దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా! పల్టీ కొట్టింది!"

"అరవకు, పక్కింటివాళ్లు పరిగెత్తుకొస్తారు" అంది. కానీ ఆవిడా నవ్వుతోంది. పొద్దుటి నుంచీ అదే మొదటి నవ్వు. ఇరవై ముడులు అలా ఇద్దరం కలిసి వేశాక, షటిల్ నా చేతికిచ్చింది. సాయంత్రానికి నా ఉంగరాలు మూసుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటీ మూసుకుంటుంటే నా గుండెల మీద నుంచి ఒక్కొక్క ఇటుక దింపినట్టుంది.

తర్వాత ఆవిడ నోటు పుస్తకం తెరిచింది. నేను చదివిన మొదటి నమూనా అదే. ఒకే ఒక్క వరుస: ఉం. 5 + 5 – 5 – 5 మూ.

నేను ఎప్పటిలాగే ముందు నోరు తెరిచాను. "ఐదూ ఐదూ పది. పదిలో ఐదు పోతే ఐదు. ఇంకో ఐదు పోతే సున్నా. అత్తయ్యా, మీ ఉంగరంలో ఏమీ లేదు!"

ఆవిడ ఎంత నవ్విందంటే కట్టు కట్టిన చెయ్యి నొప్పెట్టింది. అడ్డగీత అంటే తీసివేత కాదట. అక్కడ రెండు జంట ముడుల మధ్య కాస్త దారం వదిలితే, దగ్గరకి జరిపినప్పుడు అది చిన్న చెవిలా పైకి లేస్తుంది. కూడిక గుర్తు ఉన్నచోట పక్క ఉంగరం చివరి చెవిలోంచి క్రోషా సూదితో చేతి దారాన్ని లాగి, ఆ మెలికలోంచి షటిల్ పోనిచ్చి అతకాలి. ఐదు ముడులు, అతుకు, ఐదు, చెవి, ఐదు, చెవి, ఐదు, మూసెయ్. గోరంత దారం వదిలి మళ్లీ మొదలు. మనిషీ మనిషీ చెయ్యి పట్టుకున్నట్టు ఉంగరాలు వరసగా నిలబడతాయి.

శనివారం పొద్దున్నే అసలు కాలర్ చేతిలోకి తీసుకున్నాను. అత్తయ్య వదిలేసిన చోట అదే దారం, అదే షటిల్. పొరపాటు జరిగితే తెంపాలి, తెంపితే అతుకు కనిపిస్తుంది. కొంగుకి చేతులు తుడుచుకుని మొదలుపెట్టాను. మొదటి ఉంగరం మూసుకుంది. రెండోది మూసుకుంది. ఎనిమిదోది మూసుకునేసరికి పదిన్నర. ఇంకా మూడే. అత్తయ్య కళ్లు మూసుకుని వెనక్కి వాలింది.

తొమ్మిదో దాని మధ్యలో ఫోన్. గుండుసూదుల మాస్టారు. స్పీకర్‌లో పెట్టాను. "మెషీన్ లేసు తెచ్చేశాను, గౌను మెడకి పైపైన టాకా కుట్టు కూడా వేసేస్తున్నాను. మీరు ఊరికే హైరానా పడొద్దు" అన్నాడు.

"పన్నెండింటికి కదా అన్నారు! ఇంకా పదిన్నరే!" అని విరుచుకుపడ్డాను. ఆయన ఏదో గొణిగాడు. ఫోన్ పెట్టేసి పళ్లు కొరుకుతూ మిగిలిన ముడులు వేశాను. ఇరవై పూర్తయ్యాయి. షటిల్ దారం లాగాను.

ఉంగరం కదల్లేదు.

"లాగకు!" అంది అత్తయ్య. నేనప్పటికే రెండోసారి లాగబోతున్నాను. ఆవిడ గొంతు విని చెయ్యి ఆగిపోయింది. తెగి ఉంటే అంతటితో సరి. నాకు ఏడుపొచ్చింది. కోపంలో ఎడమ పిడికిలి బిగిసింది, ఎక్కడో ఒక సగం ముడి పల్టీ కొట్టలేదు. ప్రతి ముడికీ ఒకసారి జార్చి చూడమని ఆవిడ వందసార్లు చెప్పింది, నేను చూడలేదు.

"నా వల్లే పోయింది అత్తయ్యా."

"ఏం పోలేదు. ఏడవకు, దారం తడుస్తుంది. ఉంగరం వెలుతురుకి పట్టుకో."

ఆవిడ కుడి చేతి చూపుడువేలు ముడుల మీద మెల్లగా నడిపించింది. మూడో ఐదులో రెండో ముడి దగ్గర వేలు ఆగింది. "ఇదిగో, ఇది లావుగా ఉంది." మొద్దు సూది తెమ్మంది. నేను ఉంగరం కదలకుండా పట్టుకున్నాను, ఆవిడ సూది మొనతో ఒక్కొక్క సగాన్నీ వదులు చేస్తూ, చివరి నుంచి వెనక్కి విప్పుకుంటూ వచ్చింది. తొమ్మిది జంట ముడులు, అంటే పద్దెనిమిది సగాలు. నన్ను తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

మళ్లీ వేశాను. ఒక్కొక్క ముడీ జార్చి చూస్తూ వేశాను. షటిల్ దారం మెల్లగా లాగితే, ఉంగరం చక్కగా చుట్టుకుని మూసుకుంది. ఇద్దరం ఒకేసారి "హమ్మయ్య" అన్నాం. మిగతా రెండూ ఎలా వేశానో నాకు గుర్తు లేదు.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా దుస్తుల గదిలో అడుగుపెట్టాం. బొమ్మకి తొడిగిన నల్ల గౌను, మెడ చుట్టూ తెల్లగా మెరిసే మెషీన్ లేసు. మాస్టారు నోట్లో సూదులతోనే మా లేసు అందుకున్నాడు. బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. చివరి పదకొండు దగ్గర భూతద్దం ఆగింది. అత్తయ్య నా కొంగు పట్టుకుంది.

"ఇవి మీ చెయ్యి కాదు. కొంచెం బిగువు" అన్నాడు.

"నా కోడలి చెయ్యి" అంది అత్తయ్య. "నిన్ననే నేర్చుకుంది."

మాస్టారు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చాడు. "నిన్ననా? అమ్మా, నేను మెషీన్ లేసు కొన్నది మీ చెయ్యి బెణికిందని కాదు. మీ తర్వాత ఇది చేసేవాళ్లు లేరు కదా, ఎప్పటికైనా అలవాటు పడాల్సిందే అని."

ఇంకెవరూ మాట్లాడకముందే నేను బల్ల మీది కత్తెర తీసుకుని, గౌను మెడ దగ్గర ఆయన వేసిన టాకా దారాన్ని చరచరా కోసేశాను. మెషీన్ లేసు చుట్ట చుట్టుకుంటూ కింద పడింది. ఆయన అడ్డుపడలేదు. పైగా మా లేసుని గౌను మెడకి ఆనించి, నాకు సూదులు అందించాడు.

"వచ్చే నాటకానికి గౌను రెండు చేతులకీ లేసు అంచులు కావాలి" అన్నాడు.

"మూడు వారాలు ఆగాలి బాబూ" అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ. "కాదులే, ఆగక్కర్లేదు. మా అమ్మాయి మొదలుపెట్టేస్తుంది."

పధ్నాలుగేళ్లలో ఎవరితోనైనా నన్ను కోడలనే చెప్పింది, అమ్మాయి అనడం ఇదే మొదలు. నేను లేసుకి గుచ్చబోయి సూది నా వేలికే గుచ్చుకున్నాను.