నలభై రెండో నకలు

నరసన్నపేట బజారులో జగన్నాధం అద్దెకిచ్చే వంటపాత్రలన్నిటిలోకీ పెద్దది ఏనుగు గుండిగ. పెళ్లివారంతా ఒక్క ఎసరుకే కూర్చోవాలంటే అదే కావాలి. కదపాలంటే నలుగురు కావాలి. అలాంటి గుండిగ కోసం ఆ వైశాఖమాసపు పొద్దున రెండు బళ్లు ఒకేసారి వచ్చి అతని కొట్టు ముందు నిలిచాయి.

ఒక బండిలో వచ్చింది కూర్మమ్మ. సముద్రం ఒడ్డునుంచి చేపలు తెచ్చి నరసన్నపేటలో అమ్ముకునే మనిషి. మర్నాడు ఇరవై రెండో తారీఖున ఆవిడ కొడుకు పెళ్లి. రెండో బండి గణపతిరావుది. జగన్నాధానికి దూరపు వరసలో బావ. అతని రైసు మిల్లులో కొత్త మెషీనుకి పూజ, వందమందికి భోజనాలు. అదీ ఇరవై రెండునే.

"నాకు రసీదున్నాది" అంది కూర్మమ్మ, కొంగు ముడి విప్పి.

"నాకూ ఉన్నాది" అన్నాడు గణపతిరావు, జేబులోంచి తీసి.

కూర్మమ్మది నలభై ఒకటో నంబరు. గణపతిరావుది నలభై రెండు. కూర్మమ్మ రసీదులో తారీఖు ఇరవై అయిదు అని రాసి, కొట్టేసి, పైన ఇరవై రెండు అని వేసి ఉంది. దిద్దినచోట సంతకం లేదు. అది చూడగానే జగన్నాధానికి ప్రాణం లేచొచ్చింది. తను ఒకే రోజుకి ఇద్దరికి గుండిగ ఒప్పుకున్నాడంటే బజారులో ఇంకెవరూ తనకు పెళ్లి పాత్రలు చెప్పరు. తప్పు కూర్మమ్మదైతే ఆ బెంగ లేదు.

"ఇది దిద్దిన రసీదమ్మా. నీ పెళ్లి ఇరవై అయిదున."

"నా కొడుకు పెళ్లి ఎప్పుడో నీకే ఎరికేటి బాబూ? ఆ వేళ నువ్వే దిద్దినావు. పంతులు ముందు ఇరవై అయిదన్నాడు, నీ మెట్లు దిగేసరికి ఎదురొచ్చి ఇరవై రెండుకి మార్చినాడు, మళ్లీ ఎక్కొచ్చి సెప్పినాను."

"నాకు గుర్తు లేదు."

"నీకు గుర్తు లేకపోతే పెళ్లాగిపోతాదేటి? ఆ ఊదా రంగు సూడు, ఆనక నీ పెదవి సూసుకో."

జగన్నాధం రాసేది తడి తగిలితే ఊదాగా పడే ఇంకు పెన్సిలుతో. గట్టిగా నొక్కడానికి అదే బాగుంటుంది. రాసేముందు మొన నాలిక్కి అద్దుకునే అలవాటు వల్ల అతని కింది పెదవి ఏడాది పొడుగునా నేరేడు పండు తిన్నట్టే ఉంటుంది. చటుక్కున చేత్తో తుడుచుకున్నాడు.

"ఇంకు పెన్సిలు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. నీ చేతికిచ్చిన కాగితం ఎవరైనా దిద్దొచ్చు. నా దగ్గరున్న నకలు ఎవరు దిద్దుతారు? కార్బను అబద్ధమాడదమ్మా."

ఈ మాట అతను నెలకోసారైనా ఎవరితోనో ఒకరితో అంటాడు. గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న భార్య పద్మకుమారి తలెత్తకుండానే నవ్వుకుంది.

జగన్నాధం పుస్తకం తెచ్చి నలభై ఒకటో నకలు తీశాడు. గణపతిరావు కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఇందులో ఏటున్నాదిరా? తెల్ల కాయితం."

నిజమే. వినాయక చవితికి కొన్న కార్బనుతో ఉగాది దాటినా రాస్తూనే ఉన్నాడు జగన్నాధం. దానికి మసి పోయి చిల్లులు మిగిలాయి. అయినా అతనేం బెదరలేదు.

"అలా నెత్తిమీద వెలుగులో చూస్తే కనిపించదు బావా. ఇలా రా."

పుస్తకాన్ని వీధి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, కళ్ల ఎత్తున పడుకోబెట్టి పట్టుకున్నాడు. పొద్దుటెండ పక్కనుంచి కాగితం మీద జారింది. మసి లేనిచోట కూడా పెన్సిలు నొక్కిన గాట్లు చిన్న చిన్న నీడలై తేలాయి. కూర్మమ్మ పేరు, గుండిగ, గంటెలు, తారీఖు ఇరవై అయిదు. కొట్టివేత లేదు. పైన ఇరవై రెండూ లేదు.

"కాగితం వెనక్కాల వేలితో తడుము. అంకె పొంగి తగుల్తుంది."

గణపతిరావు తడిమి చూసి తలూపాడు. "అయిదే."

కూర్మమ్మ ముఖం వాడిపోయింది. "మూడొందల మంది వస్తారు బాబూ. అన్నం దేన్లో వండీమంటావు? మూకుట్లోనా?"

జగన్నాధానికి జాలి కలిగింది. కానీ గెలిచిన మనిషికి జాలికన్నా ఉపన్యాసం ముందు తన్నుకొస్తుంది.

"చూడు, నిక్కమైన రసీదుకి నకలెలా ఉంటుందో చూపిస్తాను. బావా, నీది ఇలా తే."

జగన్నాధం ఒక చేత్తో గణపతిరావు రసీదు పట్టుకుని, రెండో చేత్తో నలభై రెండో నకలు ఎండకి వాల్చాడు. "ఇందులో గణపతిరావు, అందులో గణపతిరావు. ఇందులో ఇరవై రెండు, అందులో..."

ఆగిపోయాడు.

"అందులో?" అన్నాడు గణపతిరావు.

"ఇరవై రెండే."

"మరి ఆగినావేటి? తే, నన్ను సూడనీ." గణపతిరావు పుస్తకం లాక్కున్నాడు. "ఇరవై రెండు ఉన్నాది. దాని పైన ఇంకో ఇరవై రెండు ఉన్నాది. మధ్యన అడ్డగీత. ఒకే తారీఖు రెండుసార్లు రాసినావేటిరా నాకు?"

అతని రసీదులో ఆ గీతా లేదు, ఆ రెండో ఇరవై రెండూ లేదు. అక్కడ కాగితం కాస్త నొక్కుకుని ఉందంతే, పెన్సిలు తగల్లేదు.

"ఈగ తొక్కి ఉంటుంది" అన్నాడు జగన్నాధం.

"ఈగకి అంకెలొచ్చేటండీ?" అంది పద్మకుమారి. చింతపండు చేతులు కడుక్కొచ్చి, కూర్మమ్మ రసీదు తీసుకుని నలభై రెండో నకలు మీద పరిచి అటూ ఇటూ జరిపింది. కాస్త ఎడమకి జరిపేసరికి గీత మీద గీత, అంకె మీద అంకె సరిగ్గా కూర్చున్నాయి.

"రసీదు చింపగానే మీరు కార్బను తర్వాతి కాగితం కింద పెట్టేస్తారు కదా, మళ్లీ మరిచిపోతానని?"

"పెడతాను."

"చింపిన రసీదు ఈవిడ మళ్లీ తెస్తే, దాన్ని దేనిమీద పెట్టి దిద్దారు?"

జగన్నాధం నోరు తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన కూర్మమ్మ, చేతిలో చేపల గంప, పంతులు మాట మార్చాడని తిట్లు. పుస్తకం ఇంకా మూయనేలేదు. రసీదు దానిమీదే పెట్టి, పెన్సిలు నాలిక్కి అద్ది, గట్టిగా నొక్కి దిద్దాడు. అప్పటికే నలభై ఒకటో నకలు వెనక్కి మడిచేసి ఉంది. నొక్కింది ఖాళీగా ఉన్న నలభై రెండో రసీదు దాటి, దాని కింది నకలు మీద పడింది. తర్వాత గణపతిరావు వచ్చి అడిగితే, పాత నకలు చూసి, ఇరవై రెండు ఖాళీయే అన్నాడు. మసకమసకగా ఉన్న ఆ మరక ఎవరు చూశారు?

బయటికి తీసుకుపోయి దిద్దిన కాగితమైతే ఆ అచ్చు ఈ పుస్తకంలో పడే దారి లేదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దుటినుంచీ అందరికీ చెబుతున్నది తనే.

"కార్బను అబద్ధమాడదన్నావు కదా బాబూ" అంది కూర్మమ్మ.

"ఆడలేదమ్మా" అన్నాడు జగన్నాధం నీరసంగా. "పక్కింట్లో కూర్చుని చెప్పింది."

ఏనుగు గుండిగని నలుగురు పట్టి కూర్మమ్మ బండెక్కించారు. ఆవిడ దాని పక్కనే ఎక్కి కూర్చుని, "రేపు భోజనానికి రా బాబూ. ఇరవై రెండున. పెదవి కడుక్కొని రా" అంది. బండి కదిలింది.

ఇక మిగిలింది గణపతిరావు. "నా సంగతేటి?"

"వందమందికి ఏనుగెందుకు అన్నయ్యగారూ?" అంది పద్మకుమారి. "రెండు నడిపి గుండిగలు పట్టుకెళ్లండి. అన్నం వేడిగానూ ఉంటుంది."

"సరే. అయితే నాకు కొత్త రసీదు కావాలి. ఆ సిల్లుల కార్బనుతో కాదు."

జగన్నాధం పక్క కొట్టుకి వెళ్లి కొత్త కార్బను కొనుక్కొచ్చాడు. నల్లగా, నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే వేలికి అంటింది. ఆ ఏడాదంతా రెండువైపులా ఒకేలా వెలిసిన కార్బనుతో రాసినవాడు, దాన్ని ఎంతో భక్తిగా కాగితం కింద పెట్టాడు. నొక్కి నొక్కి రాశాడు. తారీఖు పైకి చదివి, ఒప్పించుకుని, సంతకం చేసి, చింపి ఇచ్చాడు. పుస్తకం మూశాడు.

గణపతిరావు మెట్లు దిగి, రసీదు మడవబోతూ తిరగేసి చూసి, మళ్లీ మెట్లెక్కాడు.

"ఒరే జగన్నాధం, వెనక్కాల ఈ ఒరియా ఏటిరా?"

జగన్నాధం పుస్తకం తెరిచాడు. నకలు తెల్లగా, అచ్చంగా కొన్నట్టే ఉంది. కార్బను నల్లటి మొహం పైకి పెట్టాడు.

పద్మకుమారి లోపలికి వెళుతూ వెళుతూ ఆగింది.

"అద్దం తెమ్మంటారా?"