పాత కొలత

డోన్ బజారులో సోమన్న కుట్టు అంగడికి ఒక పద్ధతి ఉండేది. కొలతలు సోమన్న తీసేవాడు, రాసేది మాత్రం అతని భార్య హనుమంతమ్మ. ఐదో తరగతి దాకా చదివింది ఆమె. కాజాలు కుడుతూ గోడవార కూర్చునేది. భర్త టేపు పెట్టి "ఛాతీ ముప్పై ఎనిమిది, భుజం పద్దెనిమిది" అని గట్టిగా చెప్తుంటే, సూది పక్కన పెట్టి పొడవాటి పుస్తకంలో గళ్లు నింపేది. పేరు, బట్ట, కొలతలు, ఇచ్చే రోజు, కూలి, బయానా, బాకీ. సోమన్న గొంతు పెద్దది. బల్ల మీద కూర్చున్నవాళ్లకే కాదు, ఎదుటి కిరాణా కొట్టుకు కూడా ఎవరి నడుము ఎంతో తెలిసిపోయేది. బాగా తిన్నవాడి నడుము పెరిగితే అందరూ నవ్వేవాళ్లు. వాడూ నవ్వేవాడు.

వానలు ఎగ్గొట్టి మూడో ఏడు నడుస్తోంది. ఊళ్లలో గంజి కేంద్రాలు పెట్టారు. కొత్త బట్ట కుట్టించుకునేవాళ్లే తక్కువ. అట్లాంటి రోజుల్లో ఒక సోమవారం శేషన్న చంకలో గుడ్డ పెట్టుకుని వచ్చాడు.

శేషన్నది డోన్‌కు నాలుగు కోసుల దూరంలో పల్లె. పెళ్లి చొక్కా దగ్గర్నుంచీ అతని బట్టలన్నీ సోమన్న చేతివే. జొన్నలు పండిన ఏడు మూట తెచ్చి అంగడి ముందు దించి, "తినప్పా, నువ్వు కుట్టిన చొక్కా చెమటతో పండినాయి" అని నవ్వేవాడు.

"ఏమప్పా శేషన్నా, శానా నాళ్లకు! యాడికి పెళ్లికి?"

"పెళ్లి ల్యాదు గిళ్లి ల్యాదు. టేసన్ కాడ కంట్రాక్టరు గోడౌనుకు కాపలా మనుషుల్ని తీసుకుంటాండాడంట. నెలజీతం. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు రమ్మన్యాడు. ఈ చినిగిందాన్తో పోతే గేటు కాన్నే తరుముతాడు. ఆ పొద్దుటికి కుట్టియ్యాల నువ్వు."

"ముందురోజే తీసుకోరాదా? తొడిగి చూసుకుంటావు."

"రెండుతూర్లు నడిచి రాలేనప్పా," అన్నాడు శేషన్న మెల్లగా. "సోమవారం పొద్దున్నే వస్తా. తొడుక్కుని అట్లే పోతా."

గుడ్డ కత్తిరింపు బల్ల మీద పెట్టి, అలవాటుగా రెండు చేతులూ కొద్దిగా పైకెత్తి నిలబడ్డాడు.

సోమన్న టేపు మెడలోంచి తీశాడు. అప్పుడే సరిగ్గా చూశాడు. శేషన్న పాత చొక్కా కింద భుజాల ఎముకలు తేలి ఉన్నాయి. మెడ సన్నబడి గొంతుముడి బయటికి పొడుచుకొచ్చింది. బల్ల మీద గూడ్స్ షెడ్డులో బండి తోలే పెద్ద ఈరన్న, ఇంకో ఇద్దరు బీడీలు తాగుతూ కూర్చుని ఉన్నారు. ఇప్పుడు కొలిస్తే అంకె పైకి చెప్పాలి. ముప్పై ఎనిమిది ఉన్న మనిషి ముప్పై నాలుగంటే, ఇంట్లో పొయ్యి వెలగడం లేదని బజారంతా చాటినట్టే.

సోమన్న టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు.

"నీకు కొలతలెందుకప్పా! నిద్దట్లో లేపి అడిగినా చెప్తా. ఇదిగో హనుమంతమ్మా, రాసుకో. శేషన్న, చొక్కా, పాత కొలతే."

శేషన్న చేతులు ఇంకా దిగలేదు. ఒక్క క్షణం సోమన్న మొహంలోకి చూశాడు. తర్వాత దించేశాడు.

"సరేలేప్పా. నీకు తెల్వందా," అన్నాడు.

అర్ధరూపాయి బయానా ఇచ్చాడు. బాకీ గడిలో ఇంకో అర్ధరూపాయి పడింది.

జనం లేచి పోయాక హనుమంతమ్మ అడిగింది. "ఆయన్ను చూడలేదా నువ్వు? ఏం పాత కొలత?"

"చూసినా. అందరి ముందరా ఎట్లా చెప్పేది?"

"చెప్పకపోతే పోయె, కొలిచుంటే చాలు గదా. నాకు తర్వాత చెవిలో చెప్పలేవా? అరిస్తేనే టేపు పని చేస్తాదా నీకు?"

సోమన్నకు అది తోచనే లేదు. ఇరవై ఏళ్లుగా కొలవడం, చెప్పడం అతనికి ఒకటే పని. "కొద్దిగా తగ్గించి కత్తిరిస్తాలే," అన్నాడు. కానీ కత్తెర పట్టుకునేసరికి ఎంత తగ్గించాలో తెలియలేదు. ఎక్కువ తగ్గిస్తే బిగుతవుతుంది. పోయిన గుడ్డ మళ్లీ రాదు. వదులైతే పక్కలు పట్టెయ్యొచ్చు. ఈ లెక్క వేసుకుని చివరికి పుస్తకంలో పాత పేజీ తిప్పి, ఉన్నది ఉన్నట్టే కత్తిరించాడు.

సోమవారం శేషన్న వచ్చేసరికి ఎండ ఎక్కింది. దారిలో రెండుచోట్ల కూర్చున్నానన్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. భుజాల కుట్లు మోచేతుల వైపు జారాయి. పై బొత్తం పెడితే కాలరుకూ మెడకూ మధ్య పిడికిలి దూరేంత సందు.

సోమన్న గబగబా పక్కలు పట్టుకుని చూశాడు. "ఇప్పు, ఒక్క నిమిషం. పక్కలు లాగేస్తా."

మిషను మీద రెండు పక్కలూ లాగాడు. నడుము దగ్గర బాగుపడింది. కానీ భుజం, కాలరు పక్కకుట్టుతో దారికొచ్చేవి కావు. చేతులు ఊడదీయాలి, కాలరు విప్పి మళ్లీ కత్తిరించాలి. మధ్యాహ్నం దాకా పని.

"పది కావస్తాంది," అన్నాడు శేషన్న. "ఇంగ చాల్లే."

"అన్నా, ఒక ముద్ద తిని పో," అంది హనుమంతమ్మ.

"వచ్చినాక తింటా చెల్లెమ్మా." మెడ దగ్గర గుడ్డను వెనక్కి లాక్కుంటూ స్టేషన్ వైపు నడిచాడు. నాలుగడుగులు వేసేసరికి కాలరు మళ్లీ ముందుకు జారింది.

శేషన్న తిరిగి రాకముందే స్టేషన్ వైపు నుంచి పెద్ద ఈరన్న వచ్చాడు. ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు ఆరోజు బల్ల మీద కూర్చుని బీడీ కూడా వెలిగించలేదు.

"ఏమైందప్పా?" అన్నాడు సోమన్న.

"ఏమైతాది. కంట్రాక్టరు అందర్నీ వరసలో నిలబెట్టి చూసినాడు. శేషన్న కాడికొచ్చి, 'ఎవుని చొక్కా ఎరువు తెచ్చుకున్యావురా? నాకు కాపలాకు మనిషి కావాల గానీ, చొక్కా తగిలించుకోను మేకు కాదు' అన్యాడు. అందరూ నవ్విరి. నేనూ నవ్వితినప్పా, ఆ మనిషి శేషన్నని ముందు తెలీక."

"చొక్కా సరిగ్గా ఉంటే తీసుకునేవాడా?"

"నాకేం తెలుసు? శేషన్న కంటే బక్కోణ్ని ఒకణ్ని తీసుకున్యాడు."

కాసేపటికి శేషన్న వచ్చాడు. లోపలికి రాలేదు. అర్ధరూపాయి బిళ్ల బల్ల అంచున పెట్టాడు.

"అదెందుకప్పా!" సోమన్న గొంతు ఎప్పుడూ లేనంత సన్నగా వచ్చింది. "తప్పు నాది. చొక్కా ఇప్పియ్యి, సాయంత్రానికి సరిచేసి ఇస్తా. కూలి వద్దు."

"తప్పేముంది? నేను నోరు తెరిచి చెప్పల్యా, నువ్వు అడగల్యా." శేషన్న హనుమంతమ్మ వైపు తిరిగాడు. "బాకీ కొట్టేయమ్మా. ఇంగేం ల్యాదు." అన్నం మాట ఆమె మళ్లీ ఎత్తేలోపే ఎండలోకి దిగిపోయాడు.

తర్వాత అతను రోడ్డు పనిలో కంకర కొడుతున్నాడని తెలిసింది. ఆ చొక్కాతోనే కొట్టేవాడట. మరుసటి ఏడు వాన పడింది, జొన్నలు కూడా కొద్దో గొప్పో పండాయి. కానీ శేషన్న ఆ చొక్కాకు సరిపడా నిండకముందే చొక్కా భుజాల మీద చినిగిపోయింది.

సోమన్న ఇప్పుడు ఎవరొచ్చినా కొలుస్తున్నాడు. పైకి చెప్పకుండా, కత్తిరింపు బల్ల మీద సుద్దముక్కతో అంకెలు వేస్తాడు. హనుమంతమ్మ లేచి వచ్చి చూసి రాసుకుంటుంది. వెనకటిలా నవ్వులు లేవు, అంగడి నెమ్మదైపోయిందని కొందరు అన్నారు.

దీపావళి ముందు దారపుండల కోసం సోమన్న కూరగాయల సందులోకి పోయాడు. అక్కడ ఎవరో కొత్తగా మిషను పెట్టారు. గడప దగ్గర జొన్నమూట ఒకటి దించి ఉంది. లోపల గళ్ల గుడ్డ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి శేషన్న నిలబడి ఉన్నాడు. ఆ దర్జీ కుర్రవాడికి అతని పాత కొలత ఏదీ తెలియదు.

"ఛాతీ ముప్పై ఐదు," అని వాడు గట్టిగా చెప్పాడు.

శేషన్న చేతులు దించకుండా తలాడించాడు. సోమన్న దారపుండల మాట మరిచిపోయి, అతను ఇటు తిరగకముందే సందులోంచి బయటికి వచ్చేశాడు.