ఎదురింటి చెప్పులు

ఎదురింటి గుమ్మం ముందు చెప్పుల జతలు కనిపిస్తే చాలు, ఓనరుగారికి కడుపు మండిపోతుంది. ఆ ఫ్లాటూ ఆయనదే, ఈ ఫ్లాటూ ఆయనదే. ఎదురింట్లో అద్దెకుండేది నర్సమ్మా, ఆమె మొగుడూ. జనం మాత్రం ఎప్పుడూ వాళ్ళింటికే. ఈయన గుమ్మంలో ఈయన చెప్పులు తప్ప మరో జత కనిపించి ఎన్నాళ్ళయిందో.

అందుకే కమిటీ కొత్త రూల్సు పెట్టగానే, చెప్పడానికి ఆయనే స్వయంగా ఎదురింటి తలుపు కొట్టాడు.

"మీకు ఒక్క బండికే చోటమ్మా, దానికి స్టిక్కరు ఉండాలి. వచ్చేవాళ్ళ బళ్ళు విజిటర్స్ పార్కింగులో రెండు గంటలకు మించి ఉండకూడదు. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో. కలిపేస్తే తీసుకెళ్ళరు."

"అలాగే బాబాయిగారూ."

"చుట్టాల్ని వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి ఫోన్ చేస్తాడు. సరేనంటేనే లోపలికి. మీ ఫ్లాటుకీ నా నంబరే ఇచ్చాను."

"మీకెందుకండీ శ్రమ?" అని నవ్వింది నర్సమ్మ.

"ఓనర్ని కదమ్మా, తప్పదు" అన్నాడు. అసలు సంగతి, ఎవరెవరు వస్తారో చూడకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

ఇక ఫోన్ ఊరుకుంటే ఒట్టు. ముద్ద నోట్లో పెట్టుకోబోతే గేటు. సబ్బు రాసుకుంటే గేటు. నర్సమ్మ పిన్ని, మరిది, ఆస్పత్రిలో తోటి నర్సులు. "పంపించు, పంపించు" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇంతమందికి ఆ ఇంట్లో ఏం దొరుకుతోందో అర్థంకాక కుళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రం మళ్ళీ మోగింది.

"సార్, పెద్దావిడ ఒకరు కార్లో వచ్చారు. మీ అక్కగారినంటున్నారు."

ఓనరుగారి గుండె ఒక్కసారి తేలికైపోయింది. పోయినసారి అక్క కారు తన పార్కింగు గీత మీదికి వచ్చిందని, కాఫీ తాగుతున్నదాన్ని లేపి కిందికి పంపి తీయించాడు. ఆ వెళ్ళడం వెళ్ళడమే, మళ్ళీ రాలేదు.

"పంపించవయ్యా, మా ఇంటికే."

"మీ ఇంటికి కాదట సార్. నర్సమ్మగారింటికట."

తనకు జ్వరం వచ్చినప్పుడు ఇంజక్షన్లు చేయడానికి వచ్చిన నర్సమ్మతో అక్కకు స్నేహం కుదిరిందని ఆయనకు తెలుసు. ఇంతదాకా వచ్చిందని తెలీదు. అసూయతో ఒళ్ళంతా మండింది. వద్దనేద్దామా అనుకున్నాడు.

"పంపించు. బండి ఎంతసేపైనా ఉండనీ" అన్నాడు.

కాసేపటికి ఎదురింట్లో అక్క నవ్వు వినిపించింది. తన ఇంట్లో ఆమె అలా నవ్వి చాలా కాలమైంది. ఇక ఉండబట్టలేక వెళ్ళి తలుపు కొట్టాడు. అక్కే తీసింది.

"చెత్త వేరు చేస్తున్నారో లేదో చూద్దామని..." అని నసిగాడు.

ఆమె తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"గేటు దగ్గర నన్ను పంపించమన్నది నువ్వేగా" అని పక్కకు జరిగింది. "చెప్పులు అక్కడ విడిచి రా."