గోడ మధ్యలో వేడి

ఒహాయోలో ఆ గాజు కొలిమి వెలిగించి వారమైంది. ఇటుక గోడ లోపలి ముఖం వెయ్యి డిగ్రీల దగ్గర, బయటి ముఖం వంద దగ్గర నిలకడగా ఉన్నాయి. గోడలోంచి పోయే వేడి కూడా ఆ గోడ డిజైన్ చేసిన రాగిణి వేసిన లెక్కకే వచ్చింది.

“సరిపోయిందిగా తల్లీ, ఇంకా ఆ మొహమేంటి?” అన్నాడు ఆమె పై ఇంజనీరు వాసుదేవరావు.

గోడకు సరిగ్గా మధ్యలో ఆమె పెట్టించిన సెన్సర్ ఉంది. గోడ పాడవుతుంటే చెప్పేది అదొక్కటే. ఆరువందలు దాటితే అది ఎక్కువకాలం బతకదు. లోపలి వెయ్యి నుంచి బయటి వందకి తిన్నగా గీత గీసి, అక్కడ ఐదువందల యాభై ఉంటుందని ఆమె రాసింది. తెర మీద ఆరువందల నలభై కనిపిస్తోంది.

“ఈ ఇటుక వేడెక్కేకొద్దీ వేడిని ఎక్కువ పోనిస్తుంది సర్. నేను గోడంతటికీ ఒకటే సగటు విలువ తీసుకున్నాను. మొత్తం వేడికి సగటు కరెక్టే. కానీ వేడి వైపు టెంపరేచర్ మెల్లగా దిగుతుంది, చల్లని వైపు గబగబా దిగుతుంది. గీత పైకి వంగుతుంది.”

“రివ్యూలో ఎవరం చూడలేదా?”

“మొత్తం వేడి సరిపోయింది కదా సర్, అందరం అక్కడే ఆగాం.”

“బయట ఫ్యాన్లు పెట్టిద్దామా?”

“బయట నలభైకి తెచ్చినా మధ్యలో ఆరువందల పాతిక ఉంటుంది సర్.”

“మరి ఆర్పేస్తే?”

“గాజు గడ్డకడుతుంది. ప్లాంట్ వాళ్లు ఒప్పుకోరు.”

ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఆ అంకెనే చూస్తున్నారు. కాసేపటికి అది వణికి, తెర మీద వట్టి అడ్డగీతలు మిగిలాయి. గోడ అవతల కొలిమి మండుతూనే ఉంది.